నాకు తెలియకుండా ‘నిరాకరించారు’ అని నమోదైన పార్సిల్‌ను మళ్లీ డెలివరీ చేయమని విన్నపం

మద్దిలపాలెం, విశాఖపట్నం
16-07-2025, బుధవారం

బ్రాంచ్ మేనేజర్ గారికి,
కొరియర్ డెలివరీ ఆఫీసు,
మద్దిలపాలెం.

విషయం: కన్సైన్‌మెంట్ నంబర్ V40718263. అమలాపురం నుంచి విశాఖపట్నం, 3.4 కిలోలు, ఒక అట్టపెట్టె. వెనక్కి పంపడం ఆపి, ఫోన్ నంబర్ సరిచేసి, మళ్లీ డెలివరీ చేయించమని కోరుతూ.

మేనేజర్ గారికి నమస్కారం.

ఈ పార్సిల్ మా నాన్నగారు జులై 11న అమలాపురంలోని మీ బుకింగ్ కౌంటర్‌లో నా పేరు మీద పంపారు. కొరియర్ చార్జీ 310 రూపాయలు అక్కడే కట్టేశారు. ఇక్కడ నేను ఇవ్వాల్సిన డబ్బు ఏమీ లేదు. నిన్న, అంటే 15వ తేదీ మంగళవారం, మీ వెబ్‌సైట్ ట్రాకింగ్‌లో ఇలా కనిపించింది: ఉదయం 10:12కి `Out for Delivery`, మధ్యాహ్నం 12:51కి `Consignee Refused`. ఈ రోజు ఉదయం 6:40కి `RTO Initiated` అని పడింది.

నేను ఈ పార్సిల్‌ను వద్దనలేదు. నన్ను ఎవరూ అడగలేదు. నాకు ఫోన్ గానీ, మెసేజ్ గానీ, ఓటీపీ గానీ రాలేదు. హాస్టల్‌లో నా తరఫున వద్దని చెప్పినవాళ్లు కూడా ఎవరూ లేరు.

మా హాస్టల్‌లో కొరియర్ వాళ్లు పైకి రారు. పార్సిల్ గేటు దగ్గర ఇస్తే వాచ్‌మన్ రిజిస్టర్‌లో టైము, కొరియర్ పేరు, రూమ్ నంబర్ రాసుకుని సంతకం పెట్టి తీసుకుంటారు. ఏ కారణంగానైనా తిప్పి పంపితే అదే వరుసలో ‘రిటర్న్’ అని రాస్తారు. నిన్నటి పేజీలో మీ కొరియర్ పేరుతో రెండే పార్సిళ్లు ఉన్నాయి. రెండూ 12:35కే వచ్చాయి, ఒకటి రూమ్ 108కి, ఇంకొకటి రూమ్ 305కి. నా రూమ్ 214 పేరుతో తీసుకున్నట్టూ లేదు, తిప్పి పంపినట్టూ లేదు. అంటే మీ డెలివరీ అబ్బాయి 12:35కి మా గేటు దాకా వచ్చారు, రెండు పార్సిళ్లు ఇచ్చారు, నాది మాత్రం బ్యాగులోంచి తీయలేదు. పదహారు నిమిషాల తర్వాత అది నిరాకరణ కింద పడింది. ఆ పేజీ ఫొటో ప్రింటు వార్డెన్ గారి సంతకంతో జత చేశాను.

ఇలా ఎందుకు జరిగి ఉంటుందో నాన్నగారు వాట్సాప్‌లో పంపిన బుకింగ్ రసీదు చూశాక అర్థమైంది. పెట్టె మీద ఆయన చేత్తో రాసిన నా నంబర్ చివర 47 ఉంది. రసీదులో అది 41గా టైపైంది. ఆయన 7 అంకెకు అడ్డగీత పెట్టరు, తలకట్టు కూడా చిన్నగా రాస్తారు, తొందరలో చూస్తే 1 లాగే ఉంటుంది. మీ సిస్టమ్ నుంచి వెళ్లే మెసేజ్‌లు, డెలివరీ అబ్బాయి యాప్‌లో కనిపించే నంబర్ రెండూ రసీదులో ఎక్కిన నంబర్ నుంచే వస్తాయి కాబట్టి ఆయన ఫోన్ చేసి ఉంటే అది ఎవరో తెలియని వాళ్లకి వెళ్లి ఉంటుంది. ‘నాకు పార్సిల్ ఏమీ రావాల్సింది లేదు’ అని వాళ్లు అని ఉంటారు. అది నా మాటగా నమోదైంది. ఇది నా అంచనా మాత్రమే. నిన్న 12:35కీ 12:51కీ మధ్య ఏ నంబర్‌కి కాల్ వెళ్లిందో మీ దగ్గరి రికార్డులో చూస్తే తేలిపోతుంది. దయచేసి ఒకసారి చూడండి.

డెలివరీ అబ్బాయి మీద చర్య తీసుకోమని నేను అడగడం లేదు. ఎండలో రోజంతా తిరిగే మనిషి. కానీ మనిషి దొరకలేదని రాసి ఉంటే పార్సిల్ మర్నాడు మళ్లీ బయల్దేరేది. ‘నిరాకరించారు’ అని రాయడం వల్ల రెండో ప్రయత్నం లేకుండా నేరుగా వెనక్కి వెళ్లే వరుసలో పడింది. అందుకే ఆ కారణాన్ని మార్చడం నాకు ముఖ్యం.

ఈ రోజే చేయమని కోరుతున్నది ఇది. ఉదయం 6:40 తర్వాత ట్రాకింగ్‌లో కొత్త స్కాన్ పడలేదు. బ్యాగులో వేసినట్టు గానీ, బండి ఎక్కించినట్టు గానీ లేదు. కాబట్టి పెట్టె ఇంకా మీ ఆఫీసులోనో, సిటీ హబ్‌లోనో ఉండాలి. రాత్రి బండికి వెళ్లేలోపు దాన్ని పక్కకు తీయించండి. తర్వాత నిరాకరణ అన్న కారణాన్ని రద్దు చేసి, ఫోన్ నంబర్ చివర 47గా సరిచేయండి. నంబర్ మార్చకుండా మళ్లీ పంపితే రేపు కూడా ఇదే జరుగుతుంది. పెట్టె మీద పాత స్టిక్కర్ ఉంటుంది కాబట్టి దాని పైన కొత్త నంబర్‌తో స్టిక్కర్ వేయించండి.

వెనక్కి పంపడం ఆపాలంటే పంపినవారి అనుమతి కావాలంటారేమోనని నాన్నగారు ఈ ఉదయం అమలాపురం కౌంటర్‌లో రాతపూర్వకంగా ఇచ్చారు. అక్కడి ముద్ర ఉన్న కాపీ జత చేశాను. ఒకవేళ పెట్టె ఇప్పటికే బయల్దేరి ఉంటే రాజమహేంద్రవరం హబ్‌లో ఆపించి అక్కడి నుంచే తిప్పండి. అదీ కుదరక అమలాపురం చేరితే, రెండోసారి చార్జీ అడగకుండా అదే కౌంటర్ నుంచి పంపించండి. పొరపాటు టైపింగ్‌లో జరిగింది, రసీదే సాక్ష్యం.

తొందర ఎందుకంటే, పెట్టె అడుగున ప్లాస్టిక్ కవర్లో నా ఒరిజినల్ ఆదాయ ధ్రువపత్రం, పదో తరగతి మెమో ఉన్నాయి. 21వ తేదీ సోమవారం కాలేజీ ఆఫీసులో స్కాలర్‌షిప్ వెరిఫికేషన్‌కు ఒరిజినల్సే చూపించాలి. జిరాక్సులు ఒప్పుకోరు. పైన కిలో ఆవకాయ సీసా, ఇరవై పూతరేకుల డబ్బా ఉన్నాయి. ఆవకాయ సీసాకు మూత మీద టేపు చుట్టి రెండు కవర్లలో పెట్టారు, నిలబెట్టి ఉంచితే కారదు. పక్కకు పడేస్తే నూనె దిగి కాగితాల దాకా వచ్చే ప్రమాదం ఉంది. పెట్టె మీద బాణం గుర్తు గీసి ఉంది, అది పైకి ఉండేలా పెట్టమని చెప్పండి.

డెలివరీకి శుక్రవారం, 18వ తేదీ సాయంత్రం 4:30 తర్వాత గానీ, శనివారం ఉదయం 10 లోపు గానీ వస్తే నేనే గేటు దగ్గర ఉంటాను. వేరే టైములో వచ్చినా వాచ్‌మన్ తీసుకుంటారు, నిన్న మిగతా రెండు పార్సిళ్లు తీసుకున్నట్టే. ఓటీపీ అవసరమైతే నాకు ఫోన్ చేస్తే వెంటనే చెబుతాను. అడ్రస్‌లో అయోమయం ఉంటే, వీధి చివర నీలం గేటు, దాని ఎదురుగా వాటర్ ట్యాంక్. మీ ఆఫీసుకే వచ్చి తీసుకోమన్నా వస్తాను. ఐడీ కార్డు చూపించి సంతకం పెట్టి తీసుకుంటాను. ఎలా కుదురుతుందో చెబితే చాలు.

ఈ లెటర్ రెండు కాపీలు తెచ్చాను. ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ, టైము వేసి ఇప్పించండి. పెట్టె ఎక్కడ ఉందో ఈ రాత్రి లోపు ఒక ఫోన్ చేయించండి. నా పూర్తి నంబర్ ఐడీ కార్డు జిరాక్స్ వెనక పెద్ద అంకెలతో రాశాను.

ఇట్లు,
కె. శ్రావణి
డిగ్రీ రెండో సంవత్సరం
రూమ్ 214, బాలికల హాస్టల్, మద్దిలపాలెం

జత చేసినవి: బుకింగ్ రసీదు కాపీ (నంబర్ దగ్గర పెన్నుతో గుర్తు పెట్టాను), పెట్టె మీది చేతిరాత ఫొటో ప్రింటు, ట్రాకింగ్ స్క్రీన్‌షాట్ ప్రింటు, 15వ తేదీ గేటు రిజిస్టర్ పేజీ, నాన్నగారి లెటర్ కాపీ, నా హాస్టల్ ఐడీ కార్డు జిరాక్స్.