వేతన ఒప్పందం: సభ్యులకు సారాంశం

2024 సెప్టెంబర్ 18న యాజమాన్యానికీ మన యూనియన్‌కూ కుదిరిన ఒప్పందం సారాంశమిది. పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ 12(3) కింద, కన్సిలియేషన్ అధికారి సమక్షంలో సంతకాలు జరిగాయి. కాబట్టి సభ్యత్వం లేని పర్మినెంట్ కార్మికులకూ వర్తిస్తుంది. గడువు 2024 ఏప్రిల్ 1 నుంచి 2028 మార్చి 31 వరకు. కాంట్రాక్టు కార్మికుల సంగతి తర్వాత చూద్దామన్న మాట మినిట్స్‌లో ఉంది, ఒప్పందంలో లేదు.

జీతం నెలకు 6,000 రూపాయలు పెరుగుతుంది, ఒక్కసారిగా కాదు. 2024 ఏప్రిల్ 1 నుంచి 3,000, 2025 ఏప్రిల్ 1న 1,500, 2026 ఏప్రిల్ 1న మరో 1,500. నాలుగో ఏడాది కొత్త పెంపు లేదు, కరువు భత్యంలో మార్పు ఒక్కటే.

మొత్తం కన్నా అది ఏ పద్దులో పడిందన్నదే ముఖ్యం. ప్రతి విడతలో సగం మూల వేతనంలో కలుస్తుంది. మిగిలిన సగం ఇంటి అద్దె, ప్రయాణ, వాషింగ్ అలవెన్సులకు పోతుంది. మొదట యాజమాన్యం మూల వేతనానికి పావు వంతే ఇస్తామంది. గ్రాట్యుటీ లెక్కలోకి ఈ అలవెన్సులు అప్పట్లో వచ్చేవి కావు కనుక మనం ఒప్పుకోలేదు. మూల వేతనంలో చేరే 3,000 వల్ల 20 ఏళ్ల సర్వీసు ఉన్నవారికి గ్రాట్యుటీయే దాదాపు 34,600 పెరుగుతుంది (3,000 × 15/26 × 20). కరువు భత్యం ధరల సూచీలో పాయింటుకు 11 రూపాయల నుంచి 14కు పెరిగింది. మూడు నెలలకోసారి సవరిస్తారు.

కొత్త జీతం సెప్టెంబర్ నెల నుంచి చేతికొస్తుంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు బకాయి, పూర్తి హాజరు ఉన్నవారికి 15,000. సగం అక్టోబర్ జీతంతో, సగం జనవరి జీతంతో చెల్లిస్తారు. జీతం లేని సెలవు రోజులకు కోత ఉంటుంది. ఏప్రిల్ 1 తర్వాత రిటైరైనవారికీ బకాయి, గ్రాట్యుటీ తేడా రావాలి.

యాజమాన్యం పే స్లిప్‌లో ప్రతి పద్దునూ విడిగా చూపాలి. ఫిర్యాదుకు 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. కొత్త యంత్రాల పేరిట పర్మినెంట్ కార్మికులను తొలగించకూడదు.

మన వైపు నుంచి షిఫ్టు ఉత్పత్తి 420 నుంచి 455కు పెంచాలి. ఒప్పందం నడిచినన్నాళ్లూ కొత్త ఆర్థిక డిమాండ్లు పెట్టకూడదు, ఇందులో తేలిన విషయాలపై సమ్మె గానీ పని మందగింపు గానీ చేయకూడదు. 455 దగ్గరే గొడవలు రావచ్చు. కరెంటు పోయిన సమయం, సరుకు అందని సమయం మినహాయించాలని 9వ క్లాజు చెబుతోంది, కానీ ఆ రోజే లాగ్ పుస్తకంలో నమోదైతేనే. అందుకే షిఫ్టు దిగేముందు సూపర్‌వైజర్ సంతకం తీసుకోండి.

గడువు తీరగానే ఒప్పందం రద్దు కాదు. ఒక పక్షం రాతపూర్వక నోటీసు ఇచ్చి రెండు నెలలు గడిచేదాకా ఇవే షరతులు నడుస్తాయి. పూర్తి ప్రతి యూనియన్ ఆఫీసులో ఉంది.