క్యాన్యులా మూడు రోజులకోసారి మార్చాలా? కోక్రేన్ సమీక్ష సారాంశం

సిస్టర్, మొన్న డ్యూటీ మారేటప్పుడు మీరు అడిగారు కదా, బాగా పనిచేస్తున్న క్యాన్యులాని డెబ్బై రెండు గంటలు అయిందని తీసేసి మళ్ళీ గుచ్చడం అవసరమా అని. దీని మీద 2019లో వచ్చిన కోక్రేన్ సమీక్షలో ఏముందో రాస్తున్నాను.

అందులో మొత్తం 9 అధ్యయనాలు, 7412 మంది రోగులు. ఒక గుంపుకి గడువు ప్రకారం, అంటే సాధారణంగా 72 నుంచి 96 గంటలకోసారి క్యాన్యులా మార్చారు. రెండో గుంపుకి ఏదైనా ఇబ్బంది కనిపిస్తేనే మార్చారు.

ముందుగా మనందరికీ టెన్షన్ పెట్టే విషయం, క్యాన్యులా వల్ల రక్తంలో ఇన్ఫెక్షన్. 7 అధ్యయనాల్లో 7323 మందిని చూస్తే, అవసరమైతేనే మార్చిన 3590 మందిలో ఒకరికి, గడువు ప్రకారం మార్చిన 3733 మందిలో ఇద్దరికి వచ్చింది. ఆధారాల బలం తక్కువ. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. అంతమందిలో కలిపి ముగ్గురికే వచ్చింది కాబట్టి లెక్క చాలా వదులుగా ఉంది: రిస్క్ నిష్పత్తి 0.61, కానీ అసలు విలువ 0.08 నుంచి 4.68 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అందుకే "స్పష్టమైన తేడా కనబడలేదు" అనే చెప్పాలి. "తేడా లేదని తేలిపోయింది" అని వార్డులో ఎవరికీ చెప్పకండి, ఆ మాట ఈ సమీక్ష అనలేదు.

నరం ఎర్రబడి నొప్పెట్టడం, అదే ఫ్లెబైటిస్, గురించి కాస్త ధైర్యంగా మాట్లాడొచ్చు. అవే 7 అధ్యయనాల్లో అవసరమైతేనే మార్చినవాళ్ళలో 317 మందికి (8.8 శాతం), గడువు ప్రకారం మార్చినవాళ్ళలో 307 మందికి (8.2 శాతం) వచ్చింది. ఇక్కడ ఆధారాల బలం మధ్యస్థం.

రెండు విషయాల్లో మాత్రం గడువు పద్ధతే కొంచెం నయం. క్యాన్యులాని అలాగే ఉంచితే మందు చర్మం కిందకి చేరి చెయ్యి ఉబ్బడం (రిస్క్ 1.16 రెట్లు), క్యాన్యులా మూసుకుపోవడం (1.14 రెట్లు) బహుశా కాస్త పెరుగుతాయి. ఉబ్బడానికి 6 అధ్యయనాలు, మూసుకుపోవడానికి 7, రెండిటికీ మధ్యస్థ ఆధారం. గుచ్చిన చోట ఇన్ఫెక్షన్ గురించి 4 అధ్యయనాలే ఉన్నాయి, బలం చాలా తక్కువ. దాని మీద ఏ నిర్ణయమూ తీసుకోలేం.

ఖర్చు అవసరమైతేనే మార్చే పద్ధతిలో తగ్గింది: 3 అధ్యయనాలు, మధ్యస్థం. నా మటుకు ఖర్చు కంటే ముఖ్యం, నరాలు దొరకని రోగికి మూడోసారి గుచ్చేటప్పుడు ఆ చెయ్యి బిగుసుకుపోవడం తప్పుతుంది.

అయితే రచయితలు ఒక షరతు పెట్టారు. ప్రతి షిఫ్ట్ మారినప్పుడూ గుచ్చిన చోటుని చూడాలి. ఎరుపు, వాపు, అడ్డంకి, ఇన్ఫెక్షన్ లక్షణం ఏది కనిపించినా తీసేయాలి. డ్రిప్ అవసరం తీరిపోయినా తీసేయాలి. టేపు కింద కనబడకపోతే ప్లాస్టర్ మార్చి మరీ చూడండి. మన వార్డులో రాత్రి షిఫ్ట్‌లో ఇలా చూడగలమో లేదో ముందు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌తో మాట్లాడండి. అది తేలేదాకా ఇప్పుడున్న ప్రోటోకాల్ ప్రకారమే మారుద్దాం.