తెనాలి బోస్ రోడ్డు షాపు అద్దె ఒప్పందం: 14వ క్లాజు, నోటీసులు

14.1. ఖాళీ చేయమనడం, ఖాళీ చేస్తామనడం, అద్దె పెంపు, బకాయి, ఒప్పందం రద్దు: వీటికి సంబంధించిన ప్రతి నోటీసూ రాతపూర్వకంగా, సంతకంతో, తెలుగులో గాని ఇంగ్లీషులో గాని ఉండాలి. ఫోనులో చెప్పింది, షాపు ముందు నిలబడి చెప్పింది నోటీసు కాదు.

14.2. యజమాని డల్లాస్‌లో ఉంటున్నందున ఆయనకు ఇచ్చే నోటీసులు ఆయన జీపీఏ హోల్డర్ పేరున, డోర్ నం. 9-14-27, కొత్తపేట, తెనాలి 522201కు పంపాలి. అక్కడ అందితే యజమానికి అందినట్టే. ఆ కాగితం అమెరికాకు ఎప్పుడు చేరిందన్నది లెక్కలోకి రాదు. అద్దెదారుకు షాపు చిరునామాకే పంపాలి. షాపు వరుసగా 7 రోజులు మూసి ఉంటే, ఒప్పందం మొదటి పేజీలో ఉన్న ఇంటి చిరునామాకు కూడా అదే రోజు మరో ప్రతి పంపాలి.

14.3. నోటీసును చేతికిచ్చి నకలు మీద తేదీతో సంతకం తీసుకోవచ్చు, లేదా డెలివరీ రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపవచ్చు. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసినందున, ఈ ఒప్పందంలో మరెక్కడైనా ‘రిజిస్టర్డ్ పోస్టు’ అని ఉంటే దాన్ని ఇలాగే చదువుకోవాలి. రిపేర్లు, కరెంటు బిల్లు, అద్దె రసీదు వంటి రోజువారీ విషయాలకు వాట్సాప్, ఈమెయిల్ చాలు. 14.1లోని విషయాలకు మాత్రం అవి చెల్లవు, నీలి టిక్కులు పడినా సరే.

14.4. చేతికిచ్చిన నోటీసు సంతకం పెట్టిన రోజున, పోస్టులో పంపింది ట్రాకింగ్‌లో డెలివరీ అని చూపిన రోజున అందినట్టు. సాయంత్రం 6 దాటాక గాని, ఆదివారం, ప్రభుత్వ సెలవు రోజుల్లో గాని ఇస్తే మరుసటి పనిదినాన అందినట్టు. సమయమంతా భారత కాలమానమే.

14.5. తీసుకోనని తిప్పి పంపితే, పోస్ట్‌మ్యాన్ ఆ మాట రాసిన రోజే అందిన రోజు. తలుపు తాళం వేసి ఉందనో, మనిషి లేడనో కవరు వెనక్కి వస్తే, పోస్ట్‌మ్యాన్ మొదటిసారి వచ్చిన రోజు నుంచి 7వ రోజున అందినట్టు. చిరునామా తప్పు రాసి పంపినవారికి ఈ వెసులుబాటు లేదు. సరిచేసి మళ్లీ పంపాలి. అద్దెదారుకు పంపిన కవరు వెనక్కి వచ్చాక, ఆస్తి బదిలీ చట్టం 1882, సెక్షన్ 106 అనుమతించినట్టు, షాపు షట్టరు మీద నోటీసు అంటించవచ్చు. అప్పుడు పక్క షాపుల వారిద్దరి సాక్షి సంతకాలు, తేదీ కనిపించే ఫోటో ఉండాలి. ముందే తెచ్చి అంటించడం కుదరదు.

14.6. గడువు లెక్కలో నోటీసు అందిన రోజును కలపకూడదు. ఉదాహరణకు, ఒకటో తేదీన అందిన 15 రోజుల నోటీసు పదహారో తేదీ రాత్రితో ముగుస్తుంది.

14.7. చిరునామా గాని, జీపీఏ హోల్డర్ గాని మారితే ఇదే పద్ధతిలో తెలపాలి. ఆ నోటీసు అందిన 10 రోజుల తర్వాతే మార్పు అమల్లోకి వస్తుంది. అప్పటిదాకా పాత చిరునామాకు పంపింది చెల్లుతుంది. కోర్టు సమన్లకు ఈ క్లాజు వర్తించదు.