థాంక్స్ చెప్పాలని, టచ్‌లో ఉండాలని

నమస్తే సర్,

పరవాడలో కొత్త ఉద్యోగంలో చేరి నిన్నటికి మూడు నెలలైంది. ఆఖరి రోజు మీరు ఆడిట్ మీటింగ్‌లో ఉండటంతో గ్రూప్‌లో అందరికీ కలిపి ఒక మెసేజ్ పెట్టి వచ్చేశాను, మీకు విడిగా చెప్పాల్సింది అలాగే ఉండిపోయింది.

ల్యాబ్‌లో ఆ శాంపిల్ అస్సే టెస్ట్ 49 శాతం వచ్చిన రాత్రి మీకు గుర్తుందో లేదో. నాకు ఉద్యోగం పోతుందనే భయం. మీకు ఫోన్ చేస్తే మొదట అడిగింది ఒక్కటే, "సొల్యూషన్లు పారబోయలేదు కదా?" అని. పారబోయలేదు కాబట్టే, పొద్దున మీరొచ్చి పక్కన నిలబడి చూస్తే 50 ఎం.ఎల్. బదులు 100 ఎం.ఎల్. ఫ్లాస్క్ వాడానని తేలింది. చుట్టూ ఉన్నవాళ్లు ఇంకో సీక్వెన్స్ పెట్టి చూద్దాం, రిపోర్ట్ సంగతి తర్వాత అంటుంటే, మీరు మాత్రం ఏం జరిగిందో అలాగే రాయమన్నారు. రాశాను. ఆ తర్వాత మీటింగ్‌లో నా పేరు వచ్చినప్పుడు, రెండు సైజుల ఫ్లాస్కులూ ఒకే ట్రేలో పెట్టిన పద్ధతిలోనూ తప్పుందని చెప్పారు. ఆ మాట నేను మర్చిపోలేదు సర్.

అన్నిట్లోనూ మనకు కుదిరిందని అనను. నైట్ షిఫ్ట్ రోస్టర్ విషయంలో మీరు చేసింది నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు, మీ ముందే చెప్పాను కూడా. అలా చెప్పినందుకు మీరు నన్ను పక్కన పెట్టలేదు, మర్నాడు ఎప్పటిలాగే కొత్త కాలమ్ కండిషనింగ్ నా చేతికే ఇచ్చారు.

పోయిన వారం ఇక్కడ ఒక జూనియర్ అమ్మాయికి స్టాండర్డ్ తూకం తప్పింది, ఏడుస్తూ వచ్చింది. నా నోటి నుంచి కూడా మొదట వచ్చింది సొల్యూషన్ల మాటే. తర్వాత కూర్చోబెట్టి, లాగ్‌బుక్‌లో జరిగింది జరిగినట్టు రాయించాను. ఇంటికి వెళ్తూ బస్సులో మీరే గుర్తొచ్చారు, అందుకే ఇవాళ రాస్తున్నాను.

ఒక్క రిక్వెస్ట్. అప్పుడప్పుడూ మీతో మాట్లాడుతుండాలని ఉంది. రికమండేషన్ కోసం కాదు, ఉద్యోగం మారే ఆలోచన కూడా లేదు. ఇక్కడ వచ్చే నెల నుంచి మెథడ్ వ్యాలిడేషన్ నాకు ఇస్తున్నారు, కంపెనీ డేటా జోలికి పోకుండా, ఎలా ఆలోచించాలి అనే వరకు అడుగుతాను. రెండు నెలలకోసారి, ఆదివారం పొద్దున ఒక పావుగంట ఫోన్ చేస్తే మీకు ఇబ్బంది లేదు కదా? పని ఎక్కువగా ఉంటే కుదరదని చెప్పేయండి, నేనేమీ అనుకోను. నా పాత నంబరే ఉంది.

వైజాగ్ వైపు వస్తే ముందే ఒక మాట చెప్పండి సర్, మేడమ్‌గారిని కూడా తీసుకుని భోజనానికి మా ఇంటికి రావాలి. అమ్మ మీ గురించి అడుగుతూనే ఉంటుంది, ఆ రాత్రి నేను ఏడుస్తూ ఫోన్ చేసింది మీ తర్వాత తనకే.

ఉంటాను సర్.
స్వాతి