సి ప్రోగ్రామింగ్, ఫస్ట్ సెమిస్టర్: ఏ వారం ఏం చదవాలి

తమ్ముడూ, నువ్వు పంపిన సిలబస్ పీడీఎఫ్ మొత్తం చదివాను. ఏడు పేజీల్లో నీకు పనికొచ్చేవి రెండే, మూడో పేజీలో యూనిట్లు, ఆరో పేజీలో మార్కులు. మిగతా కోర్సు లక్ష్యాలు, ఫలితాలు, వాటి పట్టికలు నీ కోసం రాసినవి కావు, వదిలేయ్. ఐదు యూనిట్లకీ తలా తొమ్మిది గంటలు వేశారు కదా, అది చూసి అన్నీ సమానమే అనుకోకు. మొదటి యూనిట్ రెండు వారాల్లో తేలిపోతుంది. నాలుగో యూనిట్ చివర ‘పాయింటర్స్’ అని ఒక్క ముక్క ఉంది చూశావా, దానికే రెండు వారాలు పడుతుంది. అందుకే గంటల లెక్క పక్కనపెట్టి, ఏది ఎంత సతాయిస్తుందో దాన్ని బట్టి పంచాను.

మార్కుల సంగతి: ఇంటర్నల్ 40, చివరి పరీక్ష 60. ఆ 40లో రెండు మిడ్లకి 25, ల్యాబ్ రికార్డుకి 10, అసైన్‌మెంట్లకి 5. మిడ్-1 8వ వారంలో, మొదటి రెండు యూనిట్లు, మూడోదాంట్లో సగం. మిడ్-2 15వ వారంలో, మిగిలిందంతా. క్లాసులు, ల్యాబ్ కాకుండా వారానికి ఐదు గంటలు చాలు, కానీ అందులో మూడు గంటలు కీబోర్డు ముందు కూర్చోవాలి. పుస్తకం చదివితే అంతా అర్థమైనట్టే ఉంటుంది, టైప్ చేస్తేనే ఏం రాదో తెలుస్తుంది.

1వ వారం. కంప్యూటర్ తరాలు, బ్లాక్ డయాగ్రం ఒక గంటలో చదివేసి పక్కన పెట్టు. ఈ వారం అసలు పని కంపైలర్ పెట్టుకోవడం. `gcc` ఎక్కించుకుని, ఒక చిన్న ప్రోగ్రాం రాసి నడిపించు:

```
gcc modati.c -o modati
./modati
```

అల్గారిథం, ఫ్లోచార్ట్ చేత్తో వేయడం నేర్చుకో. మూడు అంకెల్లో పెద్దది కనుక్కోవడం లాంటివి ఓ నాలుగు వేస్తే సరిపోతుంది.

2వ వారం. డేటా టైప్స్, ఆపరేటర్లు. సీనియర్ల నోట్సులో `int` అంటే 2 బైట్లు అని ఉంటుంది, అది పాత కంపైలర్ల నాటి మాట, ఇప్పటి మెషిన్లలో మామూలుగా 4. `sizeof(int)` ప్రింట్ చేసి నువ్వే చూసుకో. `5/2` రాస్తే 2.5 కాదు, 2 వస్తుంది, `5.0/2` రాస్తేనే 2.5. `scanf`లో వేరియబుల్ ముందు `&` ఎందుకో ఇప్పుడు అడగకు, 12వ వారంలో తెలుస్తుంది.

3వ వారం. `if`, `else`, `switch`. ఇక్కడ అందరూ పడే గొయ్యి ఒకటుంది, `if (x == 5)` బదులు `if (x = 5)` రాస్తారు. కంపైలర్ ఆపదు, వార్నింగ్ కూడా అడిగితేనే ఇస్తుంది, అందుకే ఈ రోజు నుంచే `gcc -Wall` అలవాటు చేసుకో. `switch`లో `break` మర్చిపోతే కింద కేసులు కూడా నడుస్తాయి, కావాలని ఒకసారి తీసేసి చూడు.

4, 5 వారాలు. లూపులు. రెండు వారాలా అనకు, ఇది గట్టిగా రాకపోతే ఆ తర్వాత ఏదీ రాదు. 4వ వారం ఒక్క లూపుతో అయ్యేవి: ప్రైమ్, పాలిండ్రోమ్, 153 లాంటి ఆర్మ్‌స్ట్రాంగ్ నంబర్లు, ఫ్యాక్టోరియల్. ఫ్యాక్టోరియల్‌ని `int`తో రాసి 12కి, 13కి నడుపు. 12కి 479001600 సరిగ్గానే వస్తుంది, 13కి చెత్త వస్తుంది, ఎందుకంటే అసలు జవాబు 6227020800, అది 4 బైట్లలో పట్టదు. 5వ వారం లూపులో లూపు, నక్షత్రాల ప్యాటర్న్లు. ప్యాటర్న్లు బట్టీ పట్టొద్దు, కాగితం మీద `i`, `j` విలువలు వరసగా రాసుకుంటూ పో, పది నిమిషాల్లో కిటుకు దొరుకుతుంది.

6వ వారం. ఇక్కడ సిలబస్ వరస మారుస్తున్నా. ఫంక్షన్లు నాలుగో యూనిట్లో ఉన్నా, రాయడం, పిలవడం, `return` వరకు ఇప్పుడే చూసెయ్. మిడ్-1లో రావు, కానీ ముందున్న ప్రోగ్రాములు ముక్కలుగా రాసుకోవడం తేలికవుతుంది. ఈ వారం రెండు గంటలు మించి పెట్టకు, మిగతా టైం ల్యాబ్ రికార్డుకి. రికార్డు ఎప్పటికప్పుడు రాసి సంతకం పెట్టించుకో, చివర్లో ఒక్క రాత్రి కూర్చుని రాసిన బాధ నాకు తెలుసు.

7వ వారం. ఒక వరస ఎర్రేలు, లీనియర్ సెర్చ్, బబుల్ సార్ట్. ఐదు ఎలిమెంట్లుంటే నంబర్లు 0 నుంచి 4 దాకానే. `a[5]` అని రాస్తే సి ఏమీ అనదు, పక్కింట్లో చెయ్యి పెట్టేసి వస్తుంది, అదే దీంతో తంటా. బబుల్ సార్ట్ ఐదు అంకెలతో కాగితం మీద ఒకసారి చెయ్, మొత్తం 10 పోలికలు రావాలి.

8వ వారం. మిడ్-1. కొత్తది ఏదీ ముట్టుకోకు.

9వ వారం. రెండు డైమెన్షన్ల ఎర్రేలు, మాట్రిక్స్ గుణకారం, దాంతో పాటు బైనరీ సెర్చ్. గుణకారంలో మూడు లూపులుంటాయి, ఏ లూపు దేన్ని జరుపుతోందో తెలియకపోతే 5వ వారం కాగితం మళ్లీ తియ్యి.

10వ వారం. స్ట్రింగులు. `"college"`లో ఏడక్షరాలు, కానీ ఎనిమిది బైట్లు కావాలి, చివర `\0` కోసం. `strlen`, `strcpy`, `strcmp` వాడటమే కాదు, అవి లేకుండా సొంతంగా రాయి, పాత పేపర్లలో ఇదే అడిగారు.

11వ వారం. మిగిలిన ఫంక్షన్ల సంగతులు, స్టోరేజ్ క్లాసులు, రికర్షన్. ఫిబొనాచి రికర్షన్‌తో రాసి `fib(5)`కి కాల్స్ చెట్టు గీయి. `fib(0)`, `fib(1)` దగ్గర ఆగేలా రాస్తే మొత్తం 15 కాల్స్. తర్వాత `fib(40)` నడిపి చూడు, 33 కోట్లకు పైగా కాల్స్ అవుతాయి, కాసేపు ఆలోచించడం నీకే కనపడుతుంది.

12, 13 వారాలు. పాయింటర్లు. టెన్షన్ పడకు, కానీ క్లాసు మానేయకు. బొమ్మలు గీసుకోకుండా పాయింటర్లు రావు: ఒక డబ్బా, లోపల విలువ, కింద అడ్రస్. మొదట ఇది రాయి:

```c
void swap(int *a, int *b) {
    int t = *a;
    *a = *b;
    *b = t;
}
```

నక్షత్రాలు తీసేసి, మామూలు `int`లతో కూడా ఒకసారి నడుపు. `main`లో విలువలు మారవు, ఎందుకంటే ఫంక్షన్‌కి వెళ్లింది కాపీ. `scanf`కి `&` ఎందుకు ఇస్తున్నామో ఇప్పుడు నువ్వే చెప్పగలవు, విలువ పెట్టాల్సిన చోటు దానికి తెలియాలి కదా. 13వ వారం ఎర్రేకి పాయింటర్‌కి సంబంధం, `malloc`, `free`.

14వ వారం. స్ట్రక్చర్లు, యూనియన్లు, ఫైళ్లు. బరువుగా కనిపిస్తుంది గానీ పాయింటర్లు దాటినవాడికి ఇది నడకే. ఒక `char`, ఒక `int` ఉన్న స్ట్రక్చర్ సైజు 5 కాదు, మామూలుగా 8 వస్తుంది, మధ్యలో ఖాళీ వదులుతుంది. యూనియన్‌లో అందరికీ ఒకే గది. ఫైళ్లలో `"w"`తో తెరిస్తే పాతదంతా తుడిచిపెట్టుకుపోతుంది, చివర కలపాలంటే `"a"`.

15వ వారం. మిడ్-2. దీనికి పాయింటర్లు, స్ట్రింగులే ముందు చూసుకో.

16వ వారం. చివరి పరీక్షకి ముందు, పాత పేపర్లు మూడు, గడియారం పెట్టుకుని, పెన్నుతో. కంప్యూటర్ మీద రాసినవాడు కాగితం మీద సెమీకోలన్లు మర్చిపోతాడు. మొదటి యూనిట్ థియరీ మళ్లీ ఒక గంట తిరగెయ్, రెండు మార్కుల ప్రశ్నలకి పనికొస్తుంది.

మిడ్-1 అయిన రోజు పేపర్ ఫోటో పంపు, నీకు ఎక్కడ తేడా కొట్టిందో చూసి 9వ వారం నుంచి మార్చాల్సింది ఉంటే మారుద్దాం.