వర్క్‌షీటు 14వ ప్రశ్నలో వైశాల్యం తప్పుగా అచ్చయిన విషయమై లెక్కల మాస్టారికి లేఖ

కవిటి మండలం,
శ్రీకాకుళం జిల్లా,
18 ఆగస్టు 2025.

గౌరవనీయులైన లెక్కల మాస్టారు గారికి,

పదో తరగతి ‘ఎ’ సెక్షన్ విద్యార్థిని లావణ్య నమస్కరించి రాయునది.

విషయం: వర్గ సమీకరణాల వర్క్‌షీటులో 14వ ప్రశ్నలో అచ్చు తప్పు.

మాస్టారూ, సెలవులకి ముందు గురువారం మీరిచ్చిన వర్క్‌షీటు మొత్తం చేశాను. 14వ ప్రశ్నలో తోట వైశాల్యం 384 చ.మీ. అని ఉండాల్సింది, అంకెలు తారుమారై 348 అని అచ్చయినట్టు నాకు గట్టిగా అనిపిస్తోంది. బుధవారం షీట్లు తీసుకుని మార్కులు వేస్తామన్నారు కదా, ఈలోపే మీకు తెలియజేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. క్లాసులో లేచి చెబుదామనుకున్నాను గానీ, లెక్క అంతా బోర్డు మీద వేసి చూపిస్తే తప్ప తేలే విషయం కాదు. పీరియడ్ మధ్యలో అంత టైమ్ తీసుకోవడం బాగుండదనిపించింది. కాగితం మీదైతే మీరు తీరిగ్గా చూడగలరు.

మీ దగ్గర షీటు లేకపోతే ఇబ్బంది కాకుండా, ఆ ప్రశ్ననీ, దాని మీదే ఆధారపడిన 15వ ప్రశ్ననీ ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

“14. ఒక రైతుకు దీర్ఘచతురస్రాకారపు పెరటి కొబ్బరి తోట కలదు. దాని చుట్టుకొలత 80 మీ., వైశాల్యం 348 చ.మీ. అయిన ఆ తోట పొడవు, వెడల్పులు: (ఎ) 24 మీ., 16 మీ. (బి) 25 మీ., 15 మీ. (సి) 30 మీ., 10 మీ. (డి) 28 మీ., 12 మీ.”

“15. పై తోటలో గట్ల వెంబడితో సహా, పొడవునా వెడల్పునా 8 మీ. ఎడంతో కొబ్బరి మొక్కలు నాటిన, మొత్తం ఎన్ని మొక్కలు పట్టును?”

చుట్టుకొలత 80 కాబట్టి పొడవు, వెడల్పుల మొత్తం 40. పొడవు x అనుకుంటే వెడల్పు 40 − x. మీరు చెప్పిన పద్ధతిలోనే వేస్తే:

x(40 − x) = 348
x² − 40x + 348 = 0

దీని విచక్షణి 1600 − 1392 = 208. 208కి వర్గమూలం పూర్ణసంఖ్య రాదు. మూలాలు 20 + 2√13, 20 − 2√13 వస్తున్నాయి. అంటే పొడవు సుమారు 27.21 మీ., వెడల్పు సుమారు 12.79 మీ. ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఇది లేదు. కారణాంకాల పద్ధతిలో కూడా చూశాను. 348ని రెండు సహజ సంఖ్యల లబ్ధంగా 1×348, 2×174, 3×116, 4×87, 6×58, 12×29 అని మాత్రమే రాయగలం. వీటిలో ఏ జత కూడినా 40 రాదు.

అక్కడితో ప్రశ్నలో ఏదో తేడా ఉందని తెలిసింది. కానీ తేడా ఎక్కడుందో చెప్పకుండా ‘తప్పు ఉంది’ అని మీ దగ్గరికి రావడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే చుట్టుకొలత తప్పా, వైశాల్యం తప్పా, జవాబులు తప్పా అని విడివిడిగా చూశాను.

మొదట చుట్టుకొలత మీదే అనుమానం వచ్చింది. ఎందుకంటే 12×29లో 12, 29 కూడితే 41, అంటే చుట్టుకొలత 82 అయితే 348 చక్కగా సరిపోతుంది. 80 బదులు 82 ఉండాలేమో అనుకుని జవాబుల వైపు చూశాను. 29, 12 అనే జవాబు అక్కడ లేదు. పైగా మీరిచ్చిన నాలుగు జవాబుల్లోనూ పొడవు, వెడల్పుల మొత్తం కచ్చితంగా 40 వస్తోంది. 24కి 16, 25కి 15, 30కి 10, 28కి 12. మీరు చుట్టుకొలత 80 అని పెట్టుకునే ఆ నాలుగూ తయారు చేశారని దీంతో అర్థమైంది. కాబట్టి 80 సరైనదే.

ఇక మిగిలింది వైశాల్యం. నాలుగు జవాబుల వైశాల్యాలు వరుసగా 384, 375, 300, 336. మొదటిది చూడగానే విషయం తెలిసిపోయింది. 348లో ఉన్న అంకెలే 384లోనూ ఉన్నాయి, చివరి రెండూ చోటు మారాయంతే. ఇంకోలా కూడా సరిచూశాను. 3, 4, 8 అంకెలతో వచ్చే మిగతా సంఖ్యలు 438, 483, 834, 843. చుట్టుకొలత ఒకటే అయినప్పుడు చతురస్రానికే వైశాల్యం ఎక్కువని మీరు గ్రౌండులో తాడు పట్టించి చూపించారు కదా. ఇక్కడ ఆ చతురస్రం 20×20, దాని వైశాల్యం 400. 400 దాటిన తోట ఈ చుట్టుకొలతలో ఉండనే ఉండదు. అందువల్ల ఆ నాలుగు సంఖ్యలూ పోయాయి, 384 ఒక్కటే నిలిచింది.

384 పెట్టి చేస్తే x² − 40x + 384 = 0. విచక్షణి 1600 − 1536 = 64. మూలాలు 24, 16. జవాబు (ఎ).

15వ ప్రశ్న కూడా ఇదే చెబుతోంది మాస్టారూ. 24 మీటర్ల పొడవులో 8 మీటర్లకొకటి చొప్పున గట్లతో సహా 4 మొక్కలు, 16 మీటర్ల వెడల్పులో 3 మొక్కలు, మొత్తం 12. ఎక్కడా మిగులు లేదు. మిగతా మూడు జవాబుల్లో దేనితో చేసినా 8 మీటర్ల లెక్క చివరి గట్టు దాకా సరిగ్గా చేరదు.

ఈ 15వ ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా తోటలో చెట్లు పడిపోయాక నాన్న మళ్ళీ మొక్కలు వేశారు. అప్పుడు నేను చిన్నదాన్ని, తాడు ఒక కొస పట్టుకుని గట్టు మీద నిలబడేదాన్ని. నాన్న రెండో కొస లాగి పట్టుకుని పాతిక అడుగులకి ఒక గొయ్యి గుర్తు పెట్టేవారు. పాతిక అడుగులంటే ఏడున్నర మీటర్ల పైమాటే, మీ లెక్కలోని 8 మీటర్లకి దగ్గరే. మట్టలు ఒకదానికొకటి తగలకూడదని, వేళ్ళకి చోటు కావాలని అంత ఎడం వదులుతారు. మా ఉద్దానంలో పిల్లలందరికీ తెలిసిన విషయాన్ని మీరు లెక్కగా మార్చి ఇచ్చారు. అలాంటి ప్రశ్న ఒక్క అంకె వల్ల పాడవడం నాకు బాధగా ఉంది. ఈ ఉత్తరం రాయడానికి అదీ ఒక కారణం.

ఇది జిరాక్సులో మసక పడటం వల్ల వచ్చింది కూడా కాదు. మా బెంచీలో వాళ్ళ షీట్లు, వెనక బెంచీలో వాళ్ళవి పక్కపక్కన పెట్టి చూశాం. అన్నిటిలోనూ 348 అనే స్పష్టంగా ఉంది. టైపు చేసేటప్పుడే అంకెలు అటూ ఇటూ అయ్యుంటాయి. మీరు చేత్తో రాసిచ్చిన కాగితం ఉంటే అందులో 384 అనే ఉంటుందని నా నమ్మకం.

నాకు అసలు తొందర ఎందుకంటే, మా క్లాసులో చాలామంది దీని దగ్గర ఆగిపోయారు. కొందరు 348కి దగ్గరగా ఉందని (డి) 28, 12 పెట్టేశారు. దాని వైశాల్యం 336, నిజంగానే దగ్గర. కానీ తర్వాత 15వ ప్రశ్నకి వచ్చేసరికి 28ని 8తో భాగిస్తే మూడున్నర వచ్చి, దాన్ని ఖాళీగా వదిలేశారు. ఇంకా కష్టమనిపించింది నా పక్కన కూర్చునే అమ్మాయి సంగతి. తను సూత్రం సరిగ్గా రాసింది, 208 దాకా ఒక్క గీత కూడా తప్పు లేదు. వర్గమూలం రాకపోయేసరికి తనకే రావడం లేదనుకుని మొత్తం కొట్టేసింది. మళ్ళీ వేసింది, మళ్ళీ కొట్టేసింది. ఆ పేజీ అంతా గీతలే. ఈ పాఠం ఇప్పుడిప్పుడే తనకి అర్థమవుతోంది, నేను రోజూ చూస్తున్నాను. తను చేసిన పద్ధతి సరైనదేనని నేను చెప్పాను గానీ, ‘నువ్వు అంటే సరిపోతుందా’ అంది. మీరు ఒక్క మాట చెబితే తన టెన్షన్ పోతుంది.

అందువల్ల మిమ్మల్ని కోరేది ఏమిటంటే, రేపటి పీరియడ్‌లో 14వ ప్రశ్నలో 384 అని దిద్దుకోమని అందరికీ చెప్పగలరా? అలా దిద్దుకున్నాక 14, 15 రెండూ మళ్ళీ చేసుకోవడానికి బుధవారం దాకా వీలు ఉంటుంది. 348తోనే చేసి 20 + 2√13 దాకా వచ్చిన వాళ్ళకి, ఉన్న ప్రశ్న ప్రకారం వాళ్ళు చేసింది సరైనదే కాబట్టి, వాళ్ళ స్టెప్పులకి కూడా మార్కులు చూడగలరని మనవి. నిర్ణయం పూర్తిగా మీదే. ‘బి’ సెక్షన్‌కి ఇంకా ఈ షీటు ఇవ్వలేదని విన్నాను. వాళ్ళకి ఇచ్చే ముందు దిద్దితే వాళ్ళకి ఈ ఇబ్బందే ఉండదు.

నా షీటులో 14వ ప్రశ్నకి రెండు విధాలుగానూ చేసి పెట్టాను. పైన 348తో వచ్చింది, కింద గీత గీసి 384తో వచ్చింది. 15వది 24, 16 తీసుకుని చేశాను. ఏదో ఒకటే ఉంచమంటే అలాగే ఉంచుతాను. ఒకవేళ మీరు 348 అనే కావాలని ఇచ్చి, జవాబులు వేరేగా ఉండాలనుకుంటే అది కూడా చెప్పండి మాస్టారూ, దాని ప్రకారం చేస్తాం.

మిగతా ప్రశ్నలన్నీ సరిగ్గా ఉన్నాయి. 9వ ప్రశ్నలో k విలువ కనుక్కునేది మాత్రం నాకు ఇంకా బాగా పట్టుబడలేదు. సమాన మూలాలు ఉండాలంటే విచక్షణి సున్నా అని పెట్టాను, తర్వాత k కి రెండు విలువలు వస్తే రెండూ రాయాలా అన్నది సందేహం. వీలైతే సాయంత్రం స్టడీ అవర్లో అడుగుతాను.

ఈ కాగితానికి నా షీటు జిరాక్సు కూడా జత చేశాను. 14వ ప్రశ్న దగ్గర పెన్సిల్‌తో సున్నా చుట్టాను, చెరిపేయడానికి వీలుగా ఉంటుందని.

ఇట్లు,
మీ విధేయురాలు,
లావణ్య,
పదో తరగతి, ‘ఎ’ సెక్షన్,
రోల్ నంబరు 27.