మేకతోలు మీద వెలుతురు: అనంతపురంలో ఒక రోజు తోలుబొమ్మల శిక్షణ, 14 స్థానాలు

2026 ఫిబ్రవరి 8, ఆదివారం ఉదయం 9:30 నుంచి సాయంత్రం 5 గంటల వరకు అనంతపురం సాయినగర్‌లోని మా మేడమీది హాలులో తోలుబొమ్మ తయారీ నేర్పిస్తున్నాము. శివరాత్రి జాగారానికి ఊళ్లలో తెర కట్టి తెల్లవార్లూ బొమ్మలాడించిన రోజులు మన పెద్దలకు ఇంకా గుర్తున్నాయి కాబట్టి, ఆ పండుగకు సరిగ్గా వారం ముందు ఈ రోజును ఎంచుకున్నాము. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట నుంచి ఇద్దరు కళాకారులు, అన్నాచెల్లెళ్లు, వచ్చి దగ్గర కూర్చుని నేర్పుతారు. 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారిది కూడా ఆ ఊరే.

రోజు ముగిసేసరికి ప్రతి ఒక్కరి చేతిలో సుమారు అడుగు ఎత్తున్న, ఒక చేయి కదిలే బొమ్మ ఉంటుంది. పచ్చి తోలును నానబెట్టి, వెంట్రుకలు తీసి, గీకి, లాగి కట్టి ఆరబెట్టడానికి రోజులు పడుతుంది కనుక ఆ పని కళాకారులు ముందే పూర్తి చేసి తెస్తారు. మీరు బొమ్మను తోలు మీదికి దించుకుని, నల్లని గీత గీసి, ఉలితో రంధ్రాలు కొట్టి, రెండు వైపులా రంగు వేసి, విడిగా కోసిన చేతిని దారంతో ముడివేసి, వెన్నుకు వెదురు దబ్బను కడతారు. వీటన్నిటిలో ఎక్కువ సమయం రంధ్రాలకే కేటాయించాము. దీపం ముందు నిలిపినప్పుడు హారంలోని ముత్యం, కిరీటంలోని రాయి మెరిసేది ఆ రంధ్రాల గుండా వచ్చే వెలుతురు వల్లనే. గాటు వంకరైతే దిద్దుకునే వీలు ఉండదు కాబట్టి, మొదటి గంట సేపు తోలు ముక్కల మీద కొట్టి చేయి కుదుర్చుకున్నాకే అసలు బొమ్మ మొదలుపెడతాము. చివర హాలులో దీపాలు ఆర్పి, తెల్లపంచె తెర వెనక మీ బొమ్మలను మీరే ఆడిస్తారు. ఆ పావుగంట కోసమే ఈ శిక్షణ జరుపుతున్నామని చెప్పినా తప్పు లేదు.

స్థానాలు 14 మాత్రమే. కిందటిసారి 20 మందిని తీసుకున్నందువల్ల కొందరు రంగు వేయకుండానే వెళ్లవలసి వచ్చింది, అది మాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఈసారి ఒక్కో కళాకారునికి ఏడుగురికి మించి ఉండరు. ఇందులో రెండు స్థానాలు ప్రభుత్వ పాఠశాలల డ్రాయింగు ఉపాధ్యాయులకు సగం రుసుముతో కేటాయించాము. ఉలి పదునుగా ఉంటుంది కనుక 14 ఏళ్లు నిండినవారినే తీసుకుంటాము.

రుసుము మనిషికి 1,200 రూపాయలు, ఉపాధ్యాయులకు 600 రూపాయలు. శుభ్రం చేసిన మేకతోలు, సిరా, రంగులు, కుంచెలు, దారం, వెదురు దబ్బ, మధ్యాహ్నం రాగి సంగటి, పప్పు, ఊరిబిండితో భోజనం, రెండు పూటలా టీ అన్నీ ఇందులోనే వస్తాయి. ఉలులు, కొయ్య సుత్తి, కింద పెట్టుకునే చెక్క దిమ్మ మేమే ఇచ్చి సాయంత్రం తిరిగి తీసుకుంటాము. వసూలైన మొత్తంలో సగం ఆ రోజే కళాకారుల చేతికి అందుతుంది. పనితనానికి తగిన కూలి లేకపోతే తరువాతి తరం ఉలి పట్టదన్న భయం మాకు నిజంగా ఉంది.

రంగు అంటితే పోదు, కాబట్టి పాత బట్టలతో రండి. కింద కూర్చోలేనివారికి బల్లలు వేస్తాము, ముందుగా చెప్పండి. పని అంతా జంతువు తోలుతోనే, కొంచెం వాసన కూడా ఉంటుంది. అభ్యంతరం ఉన్నవారు ఈ విషయం తెలుసుకునే నిర్ణయించుకోవాలని మనవి.

స్థానం కావలసినవారు మీ పేరు, ఊరు, ఎంతమంది వస్తారన్నది, ఉపాధ్యాయులైతే ఆ విషయం రాసి, "తోలుబొమ్మ" అన్న మాటతో మాకు నేరుగా సందేశం పంపండి. ఆ రాత్రి లోపు జవాబు ఇచ్చి, స్థానం ఉంటే చెల్లింపు క్యూఆర్ కోడు పంపుతాము. రెండు రోజుల్లో రుసుము చేరితే స్థానం మీదే, లేకపోతే వరుసలో తరువాతివారికి వెళుతుంది. డబ్బు అందగానే రసీదు, హాలుకు దారి పంపిస్తాము. రాలేకపోతే ఫిబ్రవరి 4 లోపు చెప్పండి, పూర్తి రుసుము తిరిగి ఇస్తాము. ఆ తరువాత మీ వంతు తోలు కోసేసి ఉంటారు కనుక 400 రూపాయలు తగ్గించుకుంటాము, లేదా మీ బదులు మరొకరిని పంపవచ్చు. ధర్మవరం, తాడిపత్రి, కదిరి వైపు వెళ్లేవారు సాయంత్రం బస్సు అందుకునేలా సరిగ్గా 5 గంటలకు ముగిస్తాము.